నర్మం

ఒక పత్రిక డెస్కులో పనిచేసే రోజుల్లో, కొత్తగా చేరిన సబ్ ఎడిటరమ్మాయి ఒక నాయకుడి వార్త రాస్తూ, పార్టీ మారతారా అన్న ప్రశ్నకు ఆయన ‘మర్మగర్భంగా’ బదులిచ్చారని రాసింది. ‘మ’ కొట్టేసి ‘న’ పెట్టాను. “నర్మం అంటే ఏంటి సార్?” అంది. “పరిహాసం” అన్నాను. ఆ పిల్ల కాసేపు కాపీ వైపు చూసి, “ఇందులో పరిహాసం ఎక్కడుంది సార్? ఉన్నదంతా మర్మమే కదా” అంది.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె చెవి తప్పు వినలేదు. ఈ మాట ఇవాళ చేస్తున్న పనికి మర్మమే సరిపోతుంది. పేపర్లలో నర్మగర్భ వ్యాఖ్యలు చేసేవాళ్లంతా రాజకీయ నాయకులే. పొత్తుల గురించీ టిక్కెట్ల గురించీ తేల్చి చెప్పకుండా ఏదో అంటారు, ఆ అన్నదాన్ని మనం నర్మగర్భం అంటాం. గర్భం మిగిలింది, నర్మం పోయింది. పిండి రాలిపోయి పూర్ణం ఒక్కటే మిగిలిన బూరెలా తయారైంది మాట.

నర్మానికి అసలు ఊరు వేరు. అమరకోశం దీన్ని నాట్యవర్గంలో పెట్టి క్రీడ, కేళి, లీల, పరిహాసం పక్కన కూర్చోబెట్టింది. రాజుగారి పక్కనుండి నవ్విస్తూ ప్రేమ వ్యవహారాల్లో సాయపడేవాణ్ణి నర్మసచివుడన్నారు. ఆటపాటలు, అలంకారం, వలపు ఉండే నాటక పద్ధతిని కైశికీ వృత్తి అంటారు. భరతుడు దానికి నాలుగు అంగాలు చెబితే మొదటిది నర్మం, చివరిది నర్మగర్భం. అక్కడ నర్మగర్భమంటే నాయకుడు తానెవరో దాచుకుని ఒక పని కోసం దగ్గరికి చేరడం. రాజకీయ నాయకుడికీ ఈ అర్థానికీ చుట్టరికం ఉందేమో గానీ, మనకి కావలసింది మొదటి అంగం.

పదో శతాబ్దం చివర, మాళవ రాజు ముంజుడి ఆస్థానంలో ఉన్న ధనంజయుడు దశరూపకం రాస్తూ ఈ నర్మాన్ని దగ్గర పెట్టుకుని కొలిచాడు. ఇష్టమైన మనిషిని మెప్పించి దగ్గర చేసుకునేలా ఉండే నేర్పు గల ఆట అని దానికి లక్షణం చెప్పాడు. ఆ నర్మం ఒట్టి నవ్వు కోసమే కావచ్చు, వలపుతో కలిసి రావచ్చు, భయంతో కలిసి రావచ్చు. భయంతో కలిసినదాన్ని రెండు, వలపుతో కలిసినదాన్ని మళ్లీ మూడు చేశాడు. అందులో మొదటిదాని పేరు ఆత్మోపక్షేపం. ఉపక్షేపించడమంటే విత్తనం చల్లినట్టు ఒక మాటని విడవడం. తన మనసులోని సంగతిని నవ్వులో కలిపి ఎదుటివాళ్ల ముందు జారవిడవడం ఆత్మోపక్షేపం. భేదాలన్నిటినీ మాట, వేషం, చేష్ట అనే మూడింటితో గుణించి మొత్తం 18 నర్మాలని లెక్క తేల్చాడు. మన అలంకారికులకి ఈ గుణకారం జబ్బు కొంచెం ఉంది. మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్కదాన్నీ వదలబుద్ధి కాదు. స్నేహితుడో స్నేహితురాలో నవ్వుతూ ఒక మాట అంటే, అది ఒట్టి నవ్వా, అందులో వేరే ఏదైనా ఉందా అని రాత్రంతా పక్కమీద దొర్లిన ప్రతి మనిషికీ కావలసిన మాట ఇది. వెయ్యేళ్ల క్రితమే దానికో పేరు పెట్టి, ఒట్టి నవ్వు నుంచి వేరు చేసి పెట్టారు.

దశరూపకానికి వ్యాఖ్య రాసిన ధనికుడు దీనికి ఇచ్చిన ఉదాహరణలో ఒక చలివేంద్రం ఉంది. మిట్టమధ్యాహ్నం, ఎండలో వచ్చిన బాటసారి. నీళ్లు పోసే అమ్మాయి అతన్ని కాసేపు ఆగమంటుంది, చెమట ఆరనిమ్మంటుంది, పందిరి చల్లగా ఉందంటుంది, ఎవరూ లేరని వెళ్లిపోవద్దంటుంది. ఇంతవరకూ చలివేంద్రం మర్యాదే. చివర మాత్రం ఒక విసురు విసురుతుంది: నువ్వు నీ ఇంటి ఆవిణ్ణే తలుచుకో, నీళ్లు పోసే పిల్లలు నీ మనసుకి ఎక్కడ ఆనతారులే అని.

అడిగింది లేదు, కాదనిపించుకునే ప్రమాదమూ లేదు. కాదన్నమాట తానే ముందుగా అనేసి, దాని మీద నవ్వు చల్లింది. అతను నిజంగా వెళ్లిపోతే, చెప్పాను కదా అనుకోవచ్చు. ఆగితే ఆగినట్టే. మన ఇళ్లలో ఇది ఇప్పటికీ వినబడుతుంది. “మా మొహం మీకెందుకు నచ్చుతుందిలెండి”, “నీ స్థాయికి మేమెక్కడ” అనే మాటల్లో. ఇలాంటి మాట పదిమందితో అనేవాడు మాటకారి. ఒక్కరితోనే, అదీ ఆ ఒక్కరు వేరెవరినో మెచ్చుకున్న మర్నాడే అంటే, నేనైతే చలివేంద్రం కట్టినట్టే లెక్కవేస్తాను.

ఇక్కడ మన వరసల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేయాలి. బావా మరదళ్ల మధ్య వేళాకోళం మనకి వరసతో వచ్చిన హక్కు. ఆడకపోతేనే ఏమైందని అడుగుతారు. అక్కడ మాట ఎంత ముదిరినా దాన్నిబట్టి మనసు తెలియదు. కాఫీలో పంచదార వేసినట్టు అది అలవాటుగా పడుతుంది. స్నేహంలో ఆ వరస లేదు. అందుకే స్నేహితుల మధ్య ఎవరైనా ముందు వరస కలుపుతారు. “మా అమ్మ కోడలికి ఇలాంటి వంట రాకపోతే ఎలా” అనడంలో పరిహాసం వంట మీద, పని మాత్రం కోడలన్న మాటది. నవ్వు ఎటు చూపిస్తోందో అటు చూడకుండా, దాని కింద ఏ చుట్టరికం కుదిరిపోతోందో చూడాలి.

నర్మానికి సంస్కృతంలో ఒక వెసులుబాటు ఉండేది. మహాభారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతిని కోరుతుంది. శుక్రాచార్యుడికి ఇచ్చిన మాట ఉంది, అబద్ధమాడినవాణ్ణవుతానని రాజు వెనకాడతాడు. అప్పుడామె పాపం అంటని అబద్ధాలు అయిదని ఏకరువు పెడుతుంది. ఆ జాబితాలో మొట్టమొదటిది నర్మంతో కూడిన మాట. పరిహాసానికి అన్నది అబద్ధమైనా హాని లేదని. ఆ మాట అంటున్నది వలచిన మనిషి, ఆ పక్కన ఉన్నది వలపించుకుంటున్న మనిషి, ఆమె పరిహాసమాడటం లేదని ఇద్దరికీ తెలుసు. భాగవతంలో వామనుడికి దానమివ్వబోతున్న బలికి శుక్రుడు చెప్పే జాబితాలోనూ నర్మం ఉంది.

ఈ రెండు చోట్లనీ తెలుగులో చూడండి. నన్నయ శర్మిష్ఠ చేత అయిదూ చెప్పించాడు: ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సర్వస్వం పోతున్నప్పుడు, చావబోయే బ్రాహ్మణుడి కోసం, స్త్రీల పొందులో, పెళ్లి విషయంలో. పరిహాసం లేదు. దాని జాగాలో బ్రాహ్మణుడు వచ్చి కూర్చున్నాడు. నాలుగు శతాబ్దాల తరవాత పోతన శుక్రుడి నోట పలికించిన పద్యం, బడికి వెళ్లిన తెలుగువాడికి ఎవరికైనా సగమైనా నోటికి వచ్చే పద్యం. ఆడవాళ్లు, పెళ్లిళ్లు, ప్రాణం, డబ్బు, మానం, ఆవులు, బ్రాహ్మలు అన్నీ ఉన్నాయి. పరిహాసం మళ్లీ లేదు. ఇద్దరు కవులూ కూడబలుక్కోలేదు. నన్నయది కందం, అది ఇరుకు పద్యం. పోతనది ఆటవెలది, అదీ విశాలమేమీ కాదు. చోటు చాలక జారిపోయి ఉండొచ్చు. ఇంతలోనే తెలుగువాళ్ల మనస్తత్వం మీద సిద్ధాంతం కట్టేయడం నాకు ఇష్టం లేదు. కానీ నన్ను పెంచిన అమ్మమ్మ కూడా పరిహాసానికి మాఫీ ఇచ్చేది కాదు. సరదాకి “చచ్చిపోతున్నా నవ్వలేక” అన్నా “తథాస్తు దేవతలుంటార్రా” అని కసిరేది. ఆ దేవతలకి మనిషి ముఖం చూసి మాట తూకం వేయడం రాదు. మాట పడితే ఔననడమే వాళ్ల ఉద్యోగం. నర్మానికి మినహాయింపు లేని లోకం అది.

ఇప్పుడు ఈ మాట చుట్టూ నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద పొరపాటు దగ్గరికి వస్తాను. పొరపాటు చేసినవాడు సాక్షాత్తూ నర్మసచివుడే. శాకుంతలంలో దుష్యంతుడి విదూషకుడు మాఢవ్యుడు.

రెండో అంకం. వేటతో ఒళ్లు హూనమై మాఢవ్యుడు గొణుక్కుంటూ ఉంటాడు. రాజు వచ్చి, సేనాపతి వేట గొప్పతనాన్ని ఎంత పొగిడినా వినకుండా, వేట ఆపించేస్తాడు. తరవాత స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆశ్రమంలో చూసిన అమ్మాయి గురించి చెబుతాడు. మాఢవ్యుడు తన వృత్తిధర్మంగా వెక్కిరిస్తాడు. ఖర్జూరాలు తిని తిని మొహం మొత్తినవాడికి చింతపండు మీదికి మనసు పోయినట్టుంది అంటాడు. రాజు నవ్వడు. నువ్వామెను చూడలేదు గనక అలా అంటున్నావని, పూసగుచ్చినట్టు చెప్పుకుపోతాడు. నేనెదురుగా ఉంటే చూపు తిప్పుకుంది. వేరే ఏదో సాకు పెట్టుకుని నవ్వింది. నాలుగడుగులు వేసి, కాలికి దర్భ గుచ్చుకుందని ఊరికే ఆగింది. కొమ్మకి చిక్కుకోని నారచీరని చిక్కు తీస్తున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగింది.

అంతలో రాజధాని నుంచి తల్లి కబురు వస్తుంది, నాలుగో రోజు వ్రతానికి కొడుకు రావాలని. రాజు ఆశ్రమం వదల్లేడు. మాఢవ్యుణ్ణి తన బదులు పంపుదామనుకుంటాడు. పంపే ముందు భయం పట్టుకుంటుంది. వీడికి నోరు ఆగదు, అంతఃపురంలో చెప్పేస్తాడు. అప్పుడు అతని చెయ్యి పట్టుకుని అంటాడు: ఋషుల మీద గౌరవంతోనే ఆశ్రమానికి వెళ్తున్నాను, ఆ పిల్ల మీద నిజంగా ఏమీ లేదు, మేమెక్కడ, లేళ్లతో పెరిగిన ఆమె ఎక్కడ, పరిహాసానికి అన్నాను మిత్రమా, నిజమనుకోకు. మాఢవ్యుడు సరేనంటాడు.

ఆరో అంకంలో ఉంగరం దొరికి, అన్నీ గుర్తుకొచ్చి, రాజు కుమిలిపోతూ స్నేహితుణ్ణి అడుగుతాడు: నేనంటే మరిచాను, నీకు చెప్పాను కదా, నువ్వైనా ఎందుకు గుర్తు చేయలేదు? విదూషకుడు చెప్పిన జవాబు నాటకంలోకెల్లా దీనమైన జవాబు. నేను మరవలేదు, కానీ అంతా చెప్పి చివర్లో పరిహాసమన్నావు, నాదో మట్టిముద్ద బుర్ర, అలాగే అనుకున్నాను అంటాడు.

దుర్వాసుడి శాపం గురించి అందరం మాట్లాడుకుంటాం. దానికి తోడుగా ఈ ఒక్క వాక్యం కూడా పనిచేసిందని ఎవరూ అనుకోరు. పరిహాసమన్న ఆ మాట లేకపోతే, శకుంతల సభలో నిలబడ్డ రోజుకి ఆమె సంగతి నిజమని తెలిసిన మనిషి ఒకడు రాజధానిలో ఉండేవాడు.

మట్టిముద్ద బుర్రని తిట్టే ముందు, అతనికి అందుబాటులో ఏయే ఆనవాళ్లు ఉన్నాయో చూద్దాం. అవే మనకి ఎప్పుడైనా దొరికేవి.

మొదటిది, పరిహాసమన్న చీటీ ఎప్పుడు అంటించారన్నది. నిజమైన వేళాకోళానికి చీటీ అక్కర్లేదు. మాఢవ్యుడి ఖర్జూరం మాటని చూడండి, అది పరిహాసమని ఎవరూ విప్పి చెప్పలేదు, పుట్టడమే నవ్వుతో పుట్టింది. రాజు మాటలకి నవ్వు చివర్లో వచ్చింది, అదీ కబురు అంతఃపురానికి చేరే ప్రమాదం కనబడ్డాక. వెనక నుంచి వచ్చి కూర్చున్న నవ్వు మాటకి కాపలా కాయడానికి వచ్చినదే. పైగా ఆ మాట చెప్పడానికి రాజు చెయ్యి పట్టుకున్నాడు. పరిహాసమని చెప్పడానికి చెయ్యి పట్టుకోవలసిన అవసరం ఏమొచ్చింది?

రెండోది, ఖర్చు. వేళాకోళానికి ఖర్చుండదు. దుష్యంతుడు వేట మానుకున్నాడు, అదీ సేనాపతి పొగడ్త వింటూ వింటూ. తల్లి పిలిచినా వెళ్లలేదు. ఎవరైనా నవ్వుతూ ఒక మాట అని, దాని చుట్టూ తమ పనులు సర్దుకుంటున్నారంటే, బస్సు వదులుకుంటున్నారంటే, సెలవు పెడుతున్నారంటే, మాట సంగతి తరవాత, ముందు ఖర్చుని నమ్మాలి.

మూడోది జ్ఞాపకం. దర్భ, కొమ్మ, నారచీర, చూపు తిప్పుకోవడం. పరిహాసానికి ఇన్ని వివరాలు గుర్తుండవు. నవ్వించాలనుకున్నవాడు వివరాల్ని పెంచుతాడు, మారుస్తాడు, ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు, ఎందుకంటే అతనికి కావలసింది నవ్వు. మనసున్నవాడి మాటలో వివరాలు కదలవు.

కానీ ఆ రెండో అంకంలోనే కాళిదాసు ఈ లెక్కలన్నిటికీ ఒక గండి కొట్టాడు. ఆమె చూపులు, ఆగిపోవడాలు అన్నీ తనకోసమే అనుకుంటున్నానని రాజు తనని తానే ఎత్తిపొడుచుకుంటాడు. వలచినవాడికి అంతా తనదే అనిపిస్తుందని. ఇక్కడ అతని అంచనా నిజమైంది, నాటకం గనక. బయట చాలాసార్లు కాదు. ఆనవాళ్లు వెతికేవాడు ముందే ఒక వైపు మొగ్గి ఉంటాడు. కాలికి నిజంగానే దర్భ గుచ్చుకుని ఉండొచ్చు. అందరితో ఒకేలా వేళాకోళమాడే మనిషి ఒంటరిగా దొరికినప్పుడు కూడా అలవాటు కొద్దీ అదే మాట అనొచ్చు. అందుకే ఈ ఆనవాళ్లలో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఊరేగకూడదని నా అభిప్రాయం. రెండో మూడో ఒకే చోట కలవాలి. కలిసినా అడిగి తెలుసుకునే దారి ఎప్పుడూ ఉంది.

ఇంకొకటి. ధనంజయుడి లక్షణంలో ఇష్టమైన మనిషిని మెప్పించేది అన్న షరతు ఉంది. ఎదుటి మనిషి నవ్వకపోతే, ముఖం ముడుచుకుంటే, వద్దని చెప్పాక కూడా “సరదాకే కదా” అంటూ సాగితే అది నర్మం కాదు. దానికి పెట్టాల్సిన పేరు వేరే ఉంది. పరిహాసమన్న చీటీని ఆ పని మీద అంటించుకుని తిరిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

రాజు చివర్లో అన్నదాన్ని మనం ఏమంటాం? “ఊరికే అన్నాను.” ఈ ‘ఊరికే’ నాకు నర్మం కన్నా ముచ్చటైన మాట. ఊరక అంటే కారణం లేకుండా, ఉత్తినే. ఊరక అంటేనే మౌనంగా అని కూడా. ఊరకుండు అంటే నోరు మూసుకుని ఉండు. అంటే ‘ఊరికే అన్నాను’లో అనడమూ ఉంది, అనకపోవడమూ ఉంది. పలికిన మాటని వెనక్కి తీసుకుని మౌనం ఖాతాలో జమ చేయడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి నాకు కనబడలేదు. వేళాకోళంగా అన్నవాడు సాధారణంగా ఈ మాట వాడడు, ఎదుటివాడు నవ్వితే చాలు. ఎదుటివాడు నవ్వకుండా ఒక్క క్షణం ఆలోచనలో పడితే, అప్పుడు పరుగెత్తుకుంటూ వస్తుంది ఈ ఊరికే.

మాఢవ్యుడి మీద నాకింత జాలి ఎందుకంటే, నేనూ ఒక నర్మసచివుణ్ణే.

వాల్తేరులో ఎమ్మే చదివే రోజులు, 1980ల మొదట్లో. మా బ్యాచిలో ఆరుగురం ఒక జట్టు. అందులో ఒకామె మహా మాటకారి, ఎవరినీ వదిలేది కాదు. నాకు డబ్బులు ఎప్పుడూ ఉండేవి కావు. క్యాంటీన్‌లో టీ, జగదాంబలో సినిమా టిక్కెట్టు, బస్సు చార్జీ, ఏదైనా ఆమే ఇచ్చేది. ఇచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: “పర్లేదు, కట్నంలో కోసుకుంటాలే.” జట్టంతా పగలబడి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, ఇంకో మాట కలిపేవాణ్ణి కూడా. “మీ నాన్న ఇచ్చే కట్నానికి ఈ టీ కూడా ఎక్కువే” అనేవాణ్ణి. వేళాకోళంలో నన్ను మించినవాడు లేడనుకునే వయసు.

మొదటి ఏడాది ‘మీరు’, తరవాత ‘నువ్వు’. ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద ఎవరూ లేనప్పుడు, “ఏమండీ, మీ గొడుగు” అని నా గొడుగు అందించింది. ఏమండీ అన్నది కొత్తవాళ్లనీ పిలుస్తారు, మొగుణ్ణీ పిలుస్తారు. నువ్వు అనే మనిషిని మళ్లీ ఏమండీ అనడానికి మాత్రం ఒక కారణం కావాలి. నేను చుట్టూ చూశాను, ఎవరో పెద్దవాళ్లు వచ్చారేమో, వాళ్ల ముందు మర్యాదకి అందేమోనని. మట్టిముద్ద అని కాళిదాసు ఊరికే అనలేదు.

ఆఖరి ఏడాది పరీక్షల ముందు, నోట్సు అడగడానికి వెళ్తే, నోట్సు వెనక అట్ట లోపల ఒక లెక్క రాసి ఉంది. టీలు ఇన్ని, టిక్కెట్లు ఇన్ని, బస్సు ఇంత, ఒకసారి నాకు జ్వరం వచ్చినప్పుడు కొన్న మాత్రలు ఇంత. కింద గీత గీసి మొత్తం 87 రూపాయల 40 పైసలు. “ఇదేంటి, నిజంగానే రాశావా?” అన్నాను. “మరి కట్నంలో కోసుకోవాలంటే లెక్క ఉండొద్దా?” అంది. నేను నవ్వకుండా ఆ మాత్రల పద్దు వైపు చూస్తున్నాను. అప్పుడు అంది, “ఊరికే రాశాలే.”

మా జట్టులో మిగతా నలుగురికీ కూడా ఆమె టీలు ఇప్పించేది, వాళ్లతోనూ అదే మాట అనేది. వాళ్ల లెక్క ఎక్కడా రాయలేదు. ఆ తేడా నాకు అప్పుడు కనబడలేదు. వేసవిలో ఆమెకి పెళ్లిచూపులయ్యాయి. ఆ తరవాత కలిసిన రెండుసార్లూ టీ డబ్బులు ఆమే ఇచ్చింది, కట్నం మాట మాత్రం అనలేదు. వేళాకోళం మొదలవడాన్ని అందరం గమనిస్తాం, ఆగిపోవడాన్ని ఎవరం గమనించం. వెనక్కి తిరిగి చూస్తే ఆ రెండు టీలే అన్నిటికన్నా గట్టి ఆనవాలు. ఒట్టి పరిహాసమైతే పెళ్లి కుదిరాక ఇంకా బాగా పండేది.

ఇదంతా నేను తరవాత అల్లుకున్న కథేనా అన్న అనుమానం నాకు లేకపోలేదు. వలచినవాడికి అంతా తనదే అనిపిస్తుందన్నాక, ముసలితనంలో జ్ఞాపకాలు తవ్వుకునేవాడికి ఇంకెంత అనిపించాలి.

రెండేళ్ల క్రితం ఆమె కూతురి పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పలకరిస్తూ తిరుగుతోంది. మా బంతి దగ్గర ఆగినప్పుడు ఆమె భర్తకి నన్ను పరిచయం చేస్తూ, “చదువుకునే రోజుల్లో ఈయన నాకు బాకీ పడ్డాడు” అంది. ఆయన నవ్వి, “ఎంతండీ?” అన్నారు నన్ను చూసి.

“ఎనభై రూపాయలో ఎంతో” అన్నాను.

“ఎనభై ఏడు నలభై” అంది ఆమె. వెంటనే వడ్డించే కుర్రాడి వైపు తిరిగి, “ఇటు గారెలు రాలేదు, చూడు బాబూ” అని పక్క బంతిలోకి వెళ్లిపోయింది.